ఎనిమిదేళ్లుండే ఊళ్లో ఇల్లు కొనాలా, అద్దెకుండాలా?

పాప ఈ ఏడు ఐదో తరగతిలో చేరింది. ఇంటర్ అయ్యేదాకా హైదరాబాద్‌లో ఉండి, తర్వాత రాజమండ్రిలో పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లిపోవాలని అమ్మానాన్నల ఆలోచన. అంటే ఎనిమిదేళ్లు. మూడేళ్ల మాటైతే అద్దెకుండమని, ఇరవై ఏళ్లయితే కొనుక్కోమని తడుముకోకుండా చెప్పొచ్చు. ఎనిమిదేళ్ల దగ్గరే చిక్కు.

మియాపూర్ వైపు ఒక పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ 80 లక్షలు చెబుతున్నారని, అదే అపార్ట్‌మెంట్‌లో అలాంటిదే 24 వేలకు అద్దెకు దొరుకుతోందని అనుకుందాం. కొనాలంటే 16 లక్షలు చేతి నుంచి పెట్టుకుని, 64 లక్షలు బ్యాంకులో తీసుకోవాలి. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు ఈఎంఐ 55,500 దాకా పడుతుంది.

‘అద్దె కడితే పోయినట్టే, ఈఎంఐ కడితే ఇల్లు మిగులుతుంది’ అని చుట్టాలందరూ చెబుతారు. అయితే మొదటి నెల ఈఎంఐని విడదీసి చూడండి. అందులో 45,300 వడ్డీ, అసలులోకి వెళ్లేది 10,200 మాత్రమే. పోయే డబ్బు 24 వేల అద్దెలో కన్నా ఇక్కడే ఎక్కువ. ఎనిమిదేళ్లలో బ్యాంకుకు 53 లక్షలు కట్టాక కూడా ఇంకా 50 లక్షల బాకీ ఉంటుంది. వీటికి తోడు రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం లెక్కన 6 లక్షలు, కప్‌బోర్డులకు, చిన్నాచితకా పనులకు 4 లక్షలు. మొత్తం మీద తాళం చేతికొచ్చేసరికి సొంత డబ్బు 26 లక్షలు ఖర్చయిపోతుంది.

అద్దెకున్నవాళ్లు ఆ 26 లక్షలను ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేశారనుకోండి. ఈఎంఐకీ అద్దెకూ ఉన్న తేడాను, సొంతదారు ఇంటి పన్ను, రిపేర్లకు పెట్టే ఏడాదికి పాతిక వేలను కూడా నెలనెలా దాచారనుకోండి. మెయింటెనెన్స్ ఇద్దరికీ ఉండేదే కాబట్టి పక్కన పెడదాం. అద్దె ఏటా 5 శాతం పెరిగినా, పన్ను పోను 6 శాతం వడ్డీ వచ్చినా, ఎనిమిదేళ్ల చివర వాళ్ల దగ్గర 77 లక్షలు పోగవుతాయి. కొన్నవాళ్లకు బాకీ తీర్చి, రెండు శాతం కమీషన్ ఇచ్చాక అంత మిగలాలంటే ఫ్లాట్ కోటీ 30 లక్షలకు అమ్ముడుపోవాలి. ధర ఏటా ఆరుంపావు శాతం పెరిగితేనే అది సాధ్యం. నాలుగు శాతమే పెరిగితే అద్దెకున్నవాళ్లు 20 లక్షలు ముందుంటారు.

అద్దె 24 వేలు కాక 30 వేలు ఉంటే ఐదుంపావు, ఐదున్నర శాతం పెరిగినా కొన్నవాళ్లకు సరిపోతుంది. అందుకే ధర అడిగిన చోటే, అదే మెట్ల మీద ఉన్న ఫ్లాట్ అద్దెను కూడా అడిగి తెలుసుకోవాలి.

ఈ లెక్కలో ఒక బలహీనత ఉంది. నెలనెలా ముప్పై వేలు నిజంగా దాచే ఇళ్లు తక్కువ. కారు, పెళ్లిళ్లు, సెలవుల్లో ఊళ్లు తిరగడం దాన్ని తినేస్తాయి. ఆ తేడాలో సగమే దాచగలిగితే, ఫ్లాట్ ధర ఏటా నాలుగుంపావు శాతం పెరిగినా కొన్నవాళ్లదే పైచేయి. ఈఎంఐ బలవంతపు పొదుపు. గత రెండేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్ చూసుకుంటే మీరు ఏ కోవలోకి వస్తారో తెలిసిపోతుంది. నా మటుకు నేను ఇతర అంకెలన్నిటికన్నా దీన్నే ముందు చూడమంటాను.

ఇక ఆ ఆరుంపావు శాతం పెరుగుదల ఏ ఫ్లాట్‌కు వస్తుంది? ఏళ్లు గడిచేకొద్దీ కట్టడం పాతబడుతుంది, లిఫ్టు మొరాయిస్తుంది, పైపులు కారతాయి. పెరిగేది నేల విలువ. మీ వాటా నేల ఎన్ని గజాలో సేల్ డీడ్‌లో ‘అన్‌డివైడెడ్ షేర్’ అన్న చోట ఉంటుంది. ఒకే ధరకు రెండు ఫ్లాట్లు వస్తే, ఒకదానికి 50 గజాలు, ఇంకోదానికి 25 గజాలు ఉండొచ్చు. ఇంటీరియర్ ఎంత బాగున్నా, ఇప్పటికే పదేళ్లు నిండి, తక్కువ గజాలున్న ఫ్లాట్‌ను ఎనిమిదేళ్ల తర్వాత కొనడానికి వచ్చినవాడు గట్టిగా బేరమాడతాడు.

అమ్మినప్పుడు లాభంపై పన్ను కూడా ఉంది. రెండేళ్లకు మించి ఉంచుకున్న ఇంటి లాభంపై ఇప్పుడు పన్నెండున్నర శాతం. అది కూడా కట్టాల్సి వస్తే, ధర ఏటా దాదాపు ఏడు శాతం పెరగాలి. కానీ ఆ లాభంతో రెండేళ్లలో మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా మినహాయింపు దొరుకుతుంది. రాజమండ్రిలో ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్లకు ఇది పెద్ద వెసులుబాటు. అయితే ఆ ఏడాది రిటర్ను వేయాల్సిన గడువులోగా ఖర్చు కాని లాభం సొమ్మును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా తెరిచి అందులో వేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచితే కుదరదు.