బ్యాంకు లాభం ఎంత గట్టిది?

మూడు నెలలకోసారి బ్యాంకుల ఫలితాలు వచ్చినప్పుడల్లా పేపర్లలో ఒకే తరహా శీర్షిక కనిపిస్తుంది: నికర లాభం ఇంత శాతం పెరిగింది. కొత్తగా షేర్లు కొనేవారిలో చాలామంది అక్కడితో ఆగిపోతారు. సిమెంటు కంపెనీ బస్తా అమ్మి డబ్బు పుచ్చుకుంటే ఆ బేరం ముగిసినట్టే. బ్యాంకు సంగతి అలా కాదు. అది అమ్మే సరుకే డబ్బు. ఇచ్చిన అసలు పూర్తిగా తిరిగి రావడానికి మూడేళ్లు పట్టవచ్చు, ఇరవై ఏళ్లూ పట్టవచ్చు. ఈలోగా వడ్డీ మాత్రం ఏటా ఆదాయం కింద లెక్కకెక్కుతూనే ఉంటుంది. కాబట్టి ఈ ఏడాది చూపించిన లాభం నిజమో కాదో తేలేది రాబోయే ఏళ్లలోనే.

వెయ్యి కోట్ల రూపాయలు వడ్డీకి తిప్పుతున్న ఒక చిన్న బ్యాంకును ఊహించుకుందాం. అందులో 700 కోట్లు అప్పులుగా ఇచ్చింది, మిగతాది ప్రభుత్వ బాండ్లలో పెట్టింది. ఏడాదికి వచ్చిన వడ్డీ 85 కోట్లు, డిపాజిటర్లకు, ఇతరులకు కట్టిన వడ్డీ 50 కోట్లు. మిగిలిన 35 కోట్లే నికర వడ్డీ ఆదాయం. వెయ్యి కోట్ల మీద అది మూడున్నర శాతం. దీన్నే నికర వడ్డీ మార్జిన్ అంటారు. ఫలితాల పత్రాల్లో ఎన్ఐఎం అని ఉండేది ఇదే. ఫీజులు, కమీషన్ల మీద ఇంకో 10 కోట్లు వచ్చాయి. జీతాలకు, శాఖలకు, కంప్యూటర్లకు 22 కోట్లు పోయాయి. అలా మిగిలిన 23 కోట్లు నిర్వహణ లాభం. ఇందులోంచి మొండి బాకీల కోసం 5 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన 18 కోట్ల మీద పావు వంతు పన్ను కడితే నికర లాభం పదమూడున్నర కోట్లు.

మరుసటి ఏడాది అంతా ఇలాగే ఉండి, మొండి బాకీల కేటాయింపు మాత్రం 20 కోట్లయిందనుకోండి. పన్నుకు ముందు మిగిలేది 3 కోట్లే, నికర లాభం రెండు కోట్ల పైచిలుకు. మార్జిన్ చెక్కుచెదరలేదు. 20 కోట్లంటే ఇచ్చిన అప్పుల్లో వందకు మూడు రూపాయలు కూడా కాదు. అంత చిన్న భాగం దెబ్బతింటేనే లాభంలో ఆరింట ఐదొంతులు తుడిచిపెట్టుకుపోయింది. మార్జిన్ ఎప్పుడూ నష్టాలు తీసేయక ముందున్న అంకె. దాన్ని ఒంటరిగా చూసి మురిసిపోకూడదు.

అసలు ఆ మార్జిన్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇంకా ముఖ్యం. రెండు బ్యాంకులకూ మూడున్నర శాతమే ఉండవచ్చు. ఒకదానికి అది సేవింగ్స్, కరెంటు ఖాతాల వల్ల వచ్చింది. కరెంటు ఖాతాకు వడ్డీ ఉండదు, సేవింగ్స్‌కు ఇచ్చేది ఫిక్స్‌డ్ డిపాజిట్ కన్నా బాగా తక్కువ. డబ్బు చవగ్గా దొరుకుతుంది కనుక అది మంచి ఖాతాదారుకు మామూలు వడ్డీకి అప్పిచ్చినా మిగులుతుంది. రెండోది డిపాజిట్లు ఎక్కువ రేటుకు తెచ్చి, ఇంకెవరూ అప్పివ్వని వారికి అంతకన్నా ఎక్కువ వడ్డీకి ఇస్తోంది. ఈ రెండో బ్యాంకు మార్జిన్‌లో కొంత భాగం రాబోయే నష్టానికి ముందుగా వసూలు చేసుకున్న పరిహారం. దాన్ని సంపాదనగా లెక్కేయడం పొరపాటు.

ఇక బాకీ ఎలా చెడుతుందో చూద్దాం. కంతు కట్టాల్సిన తేదీ దాటి 90 రోజులకు మించితే ఆ అప్పు ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. ఆ రోజు నుంచి దాని మీద వడ్డీని చేతికి వస్తే తప్ప ఆదాయంగా రాసుకోవడానికి లేదు. అంతకుముందు రాసుకుని వసూలు కాని వడ్డీని కూడా వెనక్కి తీసేయాలి. డిపాజిటర్‌కు వడ్డీ మాత్రం కడుతూనే ఉండాలి. అంటే చెడ్డ అప్పు మార్జిన్‌నూ తినేస్తుంది.

తాకట్టు ఉన్న 20 కోట్ల అప్పు ఒకటి ఇలా చెడిందనుకుందాం. చాలాకాలంగా అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మొదటి ఏడాది పక్కన పెట్టాల్సిన కనీస మొత్తం 15 శాతం, అంటే 3 కోట్లు. రెండో ఏడాది అది 25 శాతానికి, ఆ తర్వాత 40 శాతానికి పెరిగి, నాలుగేళ్లు దాటాక నూరు శాతమవుతుంది. చెడింది ఈ రోజే అయినా దెబ్బ మాత్రం నాలుగైదేళ్లపాటు విడతలు విడతలుగా తగులుతుంది. కనీసంతో సరిపెట్టే బ్యాంకు ఇవాళ ఎక్కువ లాభం చూపిస్తుంది. ముందే ఎక్కువ పక్కన పెట్టే బ్యాంకు తక్కువ చూపిస్తుంది. నాకైతే రెండోదే నమ్మదగ్గది.

బాకీని చెడ్డదని ఒప్పుకోకపోవడం ఇంతకన్నా పెద్ద ప్రమాదం. యెస్ బ్యాంకు 2016 మార్చి నాటికి తన స్థూల మొండి బాకీలు సుమారు 749 కోట్లని చూపింది. ఆ ఏడాది నికర లాభం సుమారు 2,539 కోట్లు, మార్జిన్ 3 శాతం పైనే. రిజర్వు బ్యాంకు తనిఖీలో అవే బాకీలు సుమారు 4,926 కోట్లని తేలింది. మరుసటి ఏడాదికి బ్యాంకు చెప్పింది 2,018 కోట్లు, రిజర్వు బ్యాంకు తేల్చింది 8,374 కోట్లు. ఈ తేడాలు రెండూ 2017లోనే బయటపడ్డాయి, ఎవరైనా చదువుకోగలిగేలా. అయినా షేరు ధర 2018 ఆగస్టు దాకా పెరుగుతూనే వచ్చింది. 2019 డిసెంబరుతో ముగిసిన మూడు నెలల్లో బ్యాంకు 18,564 కోట్ల నష్టం ప్రకటించింది. ఇచ్చిన అప్పుల్లో దాదాపు 19 శాతం మొండివని తేలింది. నికర వడ్డీ ఆదాయం ఏడాదిలో సగానికి పైగా పడిపోయింది. 2020 మార్చి 5న రిజర్వు బ్యాంకు కోరిక మీద కేంద్ర ప్రభుత్వం మారటోరియం విధించి, ఖాతాదారులు 50 వేల రూపాయలకు మించి తీసుకోకుండా కట్టడి చేసింది. స్టేట్ బ్యాంకు, మరికొన్ని బ్యాంకులు డబ్బు పెట్టాకే ఆ బ్యాంకు నిలబడింది.

మొండి బాకీల శాతం తగ్గిందన్న వార్తను కూడా వెంటనే నమ్మేయకూడదు. అప్పులు వేగంగా పెంచితే భాగహారంలో కింది అంకె పెద్దదై శాతం తగ్గుతుంది. కొత్త అప్పులు చెడడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది కనుక ఆ నిజం ఆలస్యంగా తెలుస్తుంది. పాత బాకీలను పుస్తకాల్లోంచి కొట్టేసినా శాతం తగ్గుతుంది, రూపాయి వసూలు కాకుండానే. అందుకే ఆ మూడు నెలల్లో కొత్తగా ఎంత బాకీ చెడిందో చెప్పే అంకెను వెతకాలి. ఫలితాల ప్రెజెంటేషన్‌లో అది స్లిపేజీలు అనే పేరుతో ఉంటుంది. దాని పక్కనే ఎంత వసూలైందో, ఎంత కొట్టేశారో కూడా ఇస్తారు. కొట్టేసింది ఎక్కువ, వసూలైంది తక్కువ అయితే ఆ తగ్గుదలలో బ్యాంకు ఘనత ఏమీ లేదు.

మీరు కొనదలచిన బ్యాంకు ఐదేళ్ల వార్షిక నివేదికలు దాని వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. ఏటా నిర్వహణ లాభంలో ఎంత భాగం కేటాయింపులకు పోయిందో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఖాతాలకు ఇచ్చిన వివరణల్లో, రిజర్వు బ్యాంకు తనిఖీకీ బ్యాంకు లెక్కకూ తేడా ఉందా అన్న భాగం చదవండి. అక్కడ పెద్ద అంకె కనిపిస్తే, లాభం ఎంత బాగున్నా ఆ షేరు జోలికి పోకండి.