వెతికి చెప్పడం వేరు, గుర్తుండటం వేరు

ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తన పదేళ్ల మీటింగ్ మినిట్స్ అన్నీ ఒక ఏఐ టూల్‌లోకి ఎక్కించిందనుకుందాం. “నెల మెయింటెనెన్స్ ఎంత?” అని అడిగితే, “రెండు వేలు, 2019 మార్చి తీర్మానం ప్రకారం” అని ఠక్కున చెప్పింది. తేదీతో సహా చెబితే ఎవరైనా నమ్ముతారు. కానీ 2023లో అది రెండున్నర వేలయింది. ఆ తీర్మానమూ ఎక్కించిన ఫైళ్లలోనే ఉంది.

పొరపాటు ఎక్కడ జరిగిందో తెలియాలంటే లోపలి పని చూడాలి. ఇలాంటి టూల్ సాధారణంగా ఫైలును కొన్ని వందల పదాల చొప్పున ముక్కలు చేస్తుంది. ఒక్కో ముక్క అర్థాన్ని ఒక అంకెల వరుసగా మార్చి దాస్తుంది. మనం అడిగిన ప్రశ్ననూ అలాగే అంకెల్లోకి మార్చి, దానికి బాగా దగ్గరగా ఉన్న కొద్ది ముక్కలను ఏరి భాషా మోడల్ ముందు పెడుతుంది. మోడల్ ఆ ముక్కలు చూసి జవాబు రాస్తుంది. మిగతా ఫైళ్లు దాని కంట పడవు. 2020లో పాట్రిక్ లూయిస్, ఆయన సహచరులు తమ పరిశోధన పత్రంలో ఈ తరహా పద్ధతికి ‘రాగ్’ అని పేరు పెట్టారు.

2023 మినిట్స్‌లో రాసింది ఇంతే: “గత తీర్మానంలోని మొత్తాన్ని మరో ఐదు వందలు పెంచడమైనది.” మెయింటెనెన్స్ అన్న మాటే లేదు. పైగా అదే ముక్కలో వాచ్‌మన్ జీతం, నీళ్ల ట్యాంకర్ల గొడవ కూడా ఉన్నాయి. అందుకే అది ప్రశ్నకు దూరమైపోయి, 2019 ముక్క ముందుకొచ్చింది.

అసోసియేషన్ సెక్రటరీకి ఈ ఇబ్బంది రాదు. పెంచిన రోజునే ఆయన మనసులో కొత్త మొత్తం పాతదానితో ముడిపడింది. జ్ఞాపకం సగం పని దాచుకునేటప్పుడే చేసేస్తుంది. టూల్‌లో మాత్రం ఆ రెండు కాగితాలకూ పరిచయమే లేదు. ఎవరైనా అడిగినప్పుడు ఒకేసారి బయటికొస్తేనే అవి కలుస్తాయి. రెండు చోట్లా జవాబు మాటల్లోనే, తడుముకోకుండా వస్తుంది కాబట్టి మనకు తేడా తెలియదు.

అలాగని జ్ఞాపకమే గొప్పదనీ కాదు. చదివిన కథను మళ్లీ చెప్పేటప్పుడు మనుషులు తెలియకుండానే మార్చేస్తారని మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించారు. ఫైలులోని అక్షరం మాత్రం చెదరదు.

తేడా పట్టుకోవడానికి “లిఫ్ట్ ఎన్నిసార్లు బాగుచేయించాం?” అని అడిగి చూడండి. రిపేర్లు ఇరవై ఉన్నా, చేతికొచ్చిన ముక్కల్లో ఉన్నవాటినే లెక్కపెట్టి చెప్పే ప్రమాదం ఉంది. అందుకే ఏ జవాబుకైనా ఆధారమైన వాక్యాలు చూపించమనాలి. ఫైళ్లు ఎక్కించే ముందు ప్రతి తీర్మానం పైన తేదీ, విషయం, అది దేన్ని రద్దు చేస్తోందో ఒక్క వరుస రాయాలి. మినిట్స్ అన్నీ కలిపినా మోడల్ ఒకేసారి చదవగలిగినంతే ఉంటే, ముక్కలు చేయకుండా మొత్తం ఇచ్చేయడమే మేలు.