చాట్‌బాట్‌కి మీ ప్రశ్న అర్థం కాకపోతే ఏం చేయాలి?

ఫోన్ సర్వీస్ చాట్‌బాట్‌లో "display pagilindi, free ga chestara" అని టైప్ చేశారనుకోండి. బాట్ తనకి తెలిసిన ఒక్కో టాపిక్‌కి 0 నుంచి 1 లోపు స్కోర్ వేస్తుంది. స్క్రీన్ రిపేర్‌కి 0.46, వారంటీకి 0.41 వచ్చాయనుకుందాం. తేడా 0.05 మాత్రమే. ఇక్కడ ఊహించి జవాబు చెప్పేస్తే తప్పయ్యే ఛాన్స్ ఎక్కువ. రాసా ఫ్రేమ్‌వర్క్‌లో `ambiguity_threshold` డిఫాల్ట్‌గా 0.1 ఉంటుంది. తేడా అంతకన్నా తక్కువైతే మెసేజ్ ఫాల్‌బ్యాక్‌కి వెళ్తుంది.

అప్పుడు బాట్ "మీరు అడిగింది వీటిలో ఏది?" అంటూ ఆ రెండు టాపిక్స్‌నీ బటన్లుగా చూపించాలి. మూడోది "ఇవేవీ కాదు" తప్పకుండా ఉండాలి. అది లేకపోతే యూజర్ ఏదో ఒకటి నొక్కేస్తాడు, బాట్ మాత్రం సక్సెస్ అనుకుంటుంది.

"ఇవేవీ కాదు" నొక్కితే ఒక ఫెయిల్ కింద లెక్క. ఇంకోలా అడగమని చెప్పాలి. మళ్లీ కుదరకపోతే రెండో ఫెయిల్, ఇక నేరుగా మనిషికి అప్పగించాలి.

ఎక్కువగా తప్పు జరిగేది కౌంటర్ దగ్గరే. బాట్ "సారీ, అర్థం కాలేదు" అన్నా దాన్ని జవాబుగా లెక్కేసి కౌంటర్‌ని సున్నా చేస్తే, యూజర్ అక్కడక్కడే తిరుగుతుంటాడు. సరైన టాపిక్ దొరికినప్పుడే సున్నా చేయాలి. టెస్ట్ చేయడానికి వరసగా రెండుసార్లు "asdf" కొట్టి, "ఇవేవీ కాదు" నొక్కి చూడండి.

అప్పగించేటప్పుడు చాట్ మొత్తం ఏజెంట్‌కి కనిపించాలి. లేకపోతే డిస్‌ప్లే కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాల్సిందే!