అద్దె పంచితే రూపాయి తగ్గింది

నేను లెక్కలు చూసే ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రతి నెలా ఒక షీటు తయారవుతుంది. ఆ నెల కట్టిన అద్దెను ప్రింటింగ్, బైండింగ్, డిజైన్, స్టోర్సు అనే నాలుగు విభాగాలకు అందులో పంచుతారు. ఎవరు ఎంత చోటు వాడుకుంటే వాళ్ల ఖాతాలో అంత అద్దె పడుతుంది. రేపు ఒక బడివాళ్లు వచ్చి వెయ్యి నోటుపుస్తకాలకు రేటు చెప్పమంటే, బైండింగు ఖర్చు ఎంత వేయాలో చెప్పేది ఈ షీటే.

అద్దె లక్ష రూపాయలు. ప్రింటింగ్ హాలు 3,200 చదరపు అడుగులు, బైండింగు 2,300, డిజైన్ గది 600, స్టోర్సు 900. మొత్తం 7,000. లక్షను ఆ లెక్కన పంచి పైసలు తీసేస్తే వాటాలు వరసగా 45,714, 32,857, 8,571, 12,857 వస్తాయి. కూడి చూడండి, 99,999 అవుతుంది.

"ఒక్క రూపాయేగా సార్, వదిలేయండి" అన్నారు యజమాని. ఆ రూపాయి వల్ల నష్టం లేదన్న మాట నిజమే. కానీ అది ఎందుకు తగ్గిందో తెలిశాకే వదలాలి. పైసలను దగ్గరి రూపాయికి సరిచేసినప్పుడు ఒక్కో వాటాలో తేడా అర్ధరూపాయి మించదు. నాలుగు విభాగాలకు కలిపి రెండు రూపాయలు మించదు. తేడా ఆ లోపల ఉంటే అది పైసల వల్ల వచ్చిందే. పైసలు ఎక్కువగా పోగొట్టుకున్న విభాగానికి ఆ రూపాయి కలిపేస్తే సరిపోతుంది. ఇక్కడ అది డిజైన్. దాని అసలు వాటా 8,571 రూపాయల 43 పైసలు కాబట్టి 8,572 వేస్తాం. రెండు రూపాయలు దాటితే మాత్రం అది పైసల తేడా కాదు, ఎక్కడో తప్పు జరిగింది.

చిన్న తప్పుకు ఒక ఉదాహరణ: అడుగుకు ఎంత పడిందో ముందే లెక్కకట్టి, ఆ రేటును 14.29కి సరిచేసి, దానితో ఒక్కో విభాగాన్ని గుణించేవాళ్లున్నారు. అలా చేస్తే మొత్తం 1,00,030 వస్తుంది. కట్టని ముప్పై రూపాయలు ఖర్చులో చేరిపోతాయి. రేటును మధ్యలో సరిచేయకూడదు, చివరి వాటాను మాత్రమే సరిచేయాలి.

మా వృత్తిలో చాలామందికి ఇంకో అలవాటు ఉంది. మూడు వాటాలు లెక్కకట్టి, నాలుగోదానికి మిగిలింది వేసేయడం. మొత్తం ఎప్పుడూ సరిపోతుంది కాబట్టి ఇది చూడ్డానికి బాగుంటుంది. నాకు భయం కలిగించేది కూడా అదే. ప్రింటింగ్ హాలు 3,200 అని కొట్టాల్సిన చోట పొరపాటున 2,300 అని కొట్టారనుకోండి. ప్రింటింగుకు 32,857 మాత్రమే పడుతుంది. తగ్గిన 12,857 రూపాయలూ చివర ఉన్న స్టోర్సు నెత్తిన పడతాయి. స్టోర్సు వాటా రెట్టింపై 25,715 అవుతుంది, కింద మొత్తం మాత్రం చక్కగా లక్ష అని కనిపిస్తుంది. అందుకే నాలుగు వాటాలనూ విడివిడిగా లెక్కకట్టాలి. కూడిన మొత్తాన్ని లెడ్జరులో అద్దె ఖాతాతో పోల్చాలి. రూపాయి సర్దడం ఆ తర్వాతి పని.

ఒక నెల ఆ షీటులో 6,666 రూపాయలు తగ్గాయి. కొత్తగా చేరిన అకౌంటెంటు కుర్రాడు రెండు గంటలు వెతికాడు. ఇలాంటప్పుడు కూడికలు మళ్లీ మళ్లీ చేయడం కంటే, తగ్గిన మొత్తం అసలులో ఎన్నో వంతో చూడాలి. 6,666 అంటే లక్షలో పదిహేనో వంతు. పదిహేనో వంతు చోటు ఎక్కడ పోయిందని అడిగితే జవాబు దొరికింది. అతను అద్దె ఒప్పందం తీసి, అందులో ఉన్న 7,500 అడుగులతో భాగించాడు. మెట్లు, నడవ కలిపి 500 అడుగులు ఏ విభాగానిదీ కాదు. 7,500లో 500 సరిగ్గా పదిహేనో వంతు. నడవకూ అద్దె కడుతున్నాం, దాన్ని నలుగురూ వాడుకుంటున్నారు. కాబట్టి భాగించాల్సింది నాలుగు విభాగాల మొత్తమైన 7,000తోనే. అప్పుడు నడవ అద్దె కూడా వాటి చోటును బట్టి వాటిమీదే పడుతుంది.

ఇంతవరకు చెప్పినవి మొత్తం తప్పితే దొరికే పొరపాట్లు. మొత్తం సరిపోయినా ఉండే పొరపాటు తలల లెక్కలో వస్తుంది.

ఆ ప్రెస్సు క్యాంటీను ఖర్చు నెలకు 36,000. మనుషులు 60 మంది, తలకు 600 చొప్పున పంచుతారు. ఒక నెల పదిహేను రోజులయ్యాక బైండింగు నుంచి ఇద్దరిని ప్రింటింగుకు మార్చారు. ప్రింటింగువాళ్లు వాళ్లను చేర్చుకుని 20 మంది అని రాసి ఇచ్చారు. బైండింగువాళ్లు పాత జాబితాలోని 30 అలాగే ఉంచారు. డిజైన్ 8, స్టోర్సు 4. కూడితే 62. షీటు 36,000ను 62తో భాగించి పంచింది. మొత్తం పైసాతో సహా సరిపోయింది. డిజైన్ విభాగానికి మాత్రం 4,800కు బదులు 4,645 పడింది, ఎవరికీ అనుమానం రాలేదు. బయటపెట్టింది మస్టర్ రోలు. జీతాలు తీసుకున్నది 60 మందే. ఆ ఇద్దరూ చెరి సగం నెల పనిచేశారు కాబట్టి ప్రింటింగుకు 19, బైండింగుకు 29 అని వేస్తే లెక్క కుదిరింది.

అంటే ఇక్కడ రెండు తనిఖీలు కావాలి. పంచిన డబ్బు, ఖాతాలో ఉన్న డబ్బుతో సరిపోవాలి. పంచడానికి వాడిన అడుగులు, తలలు కూడా విభాగాలవాళ్లు చెప్పిన లెక్కతో కాక వేరే ఆధారంతో సరిపోవాలి. అడుగులకు కొలిచిన ప్లాను, తలలకు మస్టర్ రోలు ఆ ఆధారాలు.

కంప్యూటరులో ఈ పని మూడు వరసలతో అయిపోతుంది. B2 నుంచి B5 వరకు విభాగాల అడుగులు, B8లో లెడ్జరు నుంచి తెచ్చిన అద్దె, B9లో ప్లాను ప్రకారం విభాగాలకు చెందిన మొత్తం అడుగులు పెట్టండి.

```
=ROUND($B$8*B2/SUM($B$2:$B$5),0)
=SUM(C2:C5)-$B$8
=SUM($B$2:$B$5)-$B$9
```

మొదటిది C2లో రాసి C5 వరకు లాగాలి, అది వాటా. రెండోది రూపాయి తేడా చూపిస్తుంది. మూడోది సున్నా కాకపోతే అక్కడే ఆగిపోవాలి. డాలరు గుర్తులు మరిచిపోతే కిందికి లాగినప్పుడు గడులు జారి తప్పు అంకెలు వస్తాయి. అలాగే కొత్త విభాగాన్ని ఆరో వరసలో చేర్చి కూడికను ఐదో వరసతో ఆపేస్తే ఆ విభాగం అడుగులూ వాటా కూడికలో చేరవు.

ఇంకొక మెట్టు ఉంది. స్టోర్సు స్వయంగా ఏమీ అచ్చువేయదు కాబట్టి దాని వాటాను మళ్లీ మిగతా మూడింటికి పంచుతారు. అద్దె 12,857, క్యాంటీను 2,400 కలిపి 15,257. పంచాక స్టోర్సు గడిలో సున్నా ఉండాలి. పాత అంకెను తీసేయడం మరిచిపోతే, 1,36,000 ఉండాల్సిన మొత్తం 1,51,257 అని చూపిస్తుంది. ఎక్కువైన మొత్తం ఒక విభాగం ఖర్చుతో అచ్చంగా సరిపోయిందంటే, దాన్ని రెండుసార్లు లెక్కవేశారని అర్థం.

ఈసారి మీ ముందుకు ఇలాంటి షీటు వస్తే కింద మొత్తం చూసి సంతకం పెట్టేయకండి. ఆ 2,300 అడుగులను ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు అని అడగండి. ఆ ప్రెస్సులో బైండింగు గది గోడను ఏడాది క్రితమే వెనక్కి జరిపారు. టేపు పెట్టి కొలిస్తే 2,450 వచ్చింది.