మిఠాయి పెట్టె, చలికోటు: లెక్క ముందే చెబితే

జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర న్యూఆర్క్ ఎవెన్యూ మీద నడిచినవారికి మన మిఠాయి దుకాణాల గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. చలికాలంలో బళ్ళల్లో లేనివారి పిల్లలకు చలికోట్లు కొనడానికి చందాలు పోగుచెయ్యడం కూడా మీకు తెలిసిందే. ఈ రెండూ కలిస్తే ఎలా ఉంటుందన్నది ఇవాళ్టి విషయం. వృత్తిరీత్యా నేను ఐటీ కన్సల్టెంటుని, బడి పీటీఏలో లెక్కలు చూడడం నా వంతు. అందుకే లెక్కల వైపు నుంచే చెబుతాను.

కర్నూలులో మిఠాయి దుకాణంతో పైకొచ్చిన జి. పుల్లారెడ్డి గారు ఇంజనీరింగ్ కాలేజీలు పెట్టించిన సంగతి మనవాళ్ళకు తెలుసు. అది సంపాదించి ఇవ్వడం. మనం మాట్లాడుకుంటున్నది అమ్ముతూ ఇవ్వడం. సంపాదించి ఇచ్చేవారిని ఎవరూ లెక్క అడగరు. అమ్ముతూ ఇస్తామంటే మాత్రం, కొనేవారికి లెక్క అడిగే హక్కు వస్తుంది.

ఇలా అమ్ముతూ ఇవ్వడానికి పేరున్న ఉదాహరణ మన ఊరి నుంచే కనిపిస్తుంది. లిబర్టీ స్టేట్ పార్కులో నిలబడితే ఎదురుగా ఉండే స్వేచ్ఛా విగ్రహానికి మరమ్మతులు తలపెట్టినప్పుడు, 1983లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఒక మాట ఇచ్చింది. కార్డు వాడిన ప్రతిసారీ ఒక సెంటు, కొత్త కార్డు తీసుకుంటే ఒక డాలరు. చివరికి 17 లక్షల డాలర్లు జమ అయ్యాయి. కార్డు వాడకం పెరగాలన్నదే కంపెనీ కోరిక అని ఎవరికైనా తెలుస్తూనే ఉంది. కానీ దేనికి ఎంత ఇస్తారో ముందే చెప్పారు. స్వార్థం ఉండడం తప్పు కాదండీ, లెక్క దాచడమే తప్పు.

ఛారిటీలను పరిశీలించే బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ వారి ప్రమాణం కూడా ఇదే. కొన్న ప్రతి వస్తువు మీద ఎంత వెళ్తుంది, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, కనీసం ఇంత లేదా గరిష్ఠంగా ఇంత అన్న హద్దు ఏమైనా ఉందా, ఈ మూడూ కొనేవారికి కనబడాలి. "లాభాల్లో కొంత భాగం బడికి" అన్న బోర్డు చూస్తే అనుమానించండి. లాభమెంతో దుకాణదారుకే తెలుసు, "కొంత" ఎంతో ఆయనకూ తెలియకపోవచ్చు.

ఒక లెక్క వేసి చూద్దాం. సంక్రాంతి ముందు రెండు వారాలు అరిసెల పెట్టెలకు ఆర్డర్లు తీసుకుంటారనుకోండి. పెట్టె 14 డాలర్లు, ఖర్చులన్నీ కలిపి 10, మిగిలేది 4. అందులో 2 డాలర్లు బడికి, ఎన్ని అమ్ముడైనా కనీసం 400 డాలర్లు, పైన హద్దు లేదు. 260 పెట్టెలు పోతే 520 డాలర్లు వస్తాయి. కోటు 40 డాలర్లయితే పదమూడు మంది పిల్లలకు సరిపోతుంది. 180 పెట్టెలే పోతే లెక్క ప్రకారం 360 అవుతుంది, అయినా దుకాణం 400 ఇవ్వాలి. ఆ రెండు వారాల్లో పెట్టె ధర 16 చేస్తే మాత్రం ఇస్తున్నది దుకాణం కాదు, మీరే. ధర మారిందా లేదా అన్నదే అసలు పరీక్ష.

మరి దుకాణానికి ఏమిటి లాభం? ఆర్డర్లు ముందే చేతిలో ఉంటాయి కాబట్టి ఎన్ని చెయ్యాలో తెలుస్తుంది, సరుకు మిగిలిపోదు. పెట్టె తీసుకోవడానికి వచ్చినవారు కారప్పూసో, జంతికలో కూడా కొంటారు. బడికి నిల్వ బాధ లేదు, చిల్లర డబ్బు లెక్కపెట్టే బాధా లేదు.

పెట్టెలు దుకాణంలోనే ఇవ్వాలనడానికి ఇంకో కారణం ఉంది. బడి వేళల్లో, బడి వదిలాక అరగంట వరకూ, ఆవరణలో పిల్లలకు అమ్మే తిండి మీద ఫెడరల్ నిబంధనలున్నాయి. మన మిఠాయిలు వాటిలో ఇమడవు. పెట్టె మీద దినుసుల పేర్లూ ఉండాలి. 2023 నుంచి నువ్వులు కూడా ముఖ్యమైన ఎలర్జీ దినుసుల జాబితాలో చేరాయి, అరిసెల్లో అవి ఉంటాయి కదా.

కొన్నవారు ఆ 14 డాలర్లను పన్నులో విరాళంగా చూపుకోలేరు, ఎందుకంటే దానికి సరిపడా సరుకు తీసుకున్నారు. విరాళం దుకాణానిది. పన్ను మినహాయింపు కావాలనుకున్నవారు కోట్ల నిధికే నేరుగా ఇవ్వడం మేలు. ఆ నిధి మినహాయింపుకు అర్హమైనదో కాదో ముందు కనుక్కోండి. న్యూజెర్సీ ఛారిటీ చట్టం ఇలాంటి ఒప్పందాలను కూడా పట్టించుకుంటుంది. కనుక మాట మీద వదిలెయ్యకుండా కాగితం మీద రాసుకుని, రాష్ట్ర కన్స్యూమర్ అఫైర్స్ వారిని ముందే అడగండి.

పిల్లల విషయంలో రెండు జాగ్రత్తలు. ఏ పిల్లవాడు ఎన్ని అమ్మించాడో బోర్డు మీద పెట్టకూడదు, కొనలేని ఇల్లు ఏదో అందరికీ తెలిసిపోతుంది. ఆ ఇంట్లోనే కోటు అవసరమున్న పిల్లవాడు ఉండొచ్చు. తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు దుకాణానికి ఇవ్వకూడదు.

పండగ అయిన వారానికి దుకాణం తలుపు మీద ఒక కాగితం అంటించాలి: ఇన్ని పెట్టెలు, ఇన్ని డాలర్లు, ఫలానా తేదీన చెక్కు. అది కనబడకపోతే మొహమాటపడకుండా అడగండి.