ఒకే మీటింగ్, రెండు గడియారాలు

హైదరాబాద్‌లో సగం టీమ్, అమెరికాలోని డాలస్‌లో సగం టీమ్. "గురువారం ఎనిమిదిన్నరకి కలుద్దాం" అని ఒకరు మెసేజ్ పెడతారు. ఎవరి గురువారం, ఎవరి ఎనిమిదిన్నర? ఈ రెండు ఊళ్ల మధ్య టైమ్ ఎక్కడెక్కడ తప్పుతుందో, ఎలా రాస్తే తప్పదో చూద్దాం.

మన అరగంట ఎక్కడిది?
భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది ఆంధ్రప్రదేశ్‌ మీదుగానే పోతుంది. 82.5ని నాలుగుతో హెచ్చిస్తే 330 నిమిషాలు, అంటే ఐదున్నర గంటలు. అందుకే మన టైమ్ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకి 5:30 ముందుంటుంది. గంటల్లో మాత్రమే లెక్క వేసుకునే డాలస్ మిత్రులు మొదట మర్చిపోయేది ఈ అరగంటనే.

ఐఎస్‌టీ మనదొక్కటే కాదు
ఇజ్రాయెల్ తన ప్రామాణిక కాలాన్నీ, ఐర్లండ్ తన వేసవి కాలాన్నీ ఐఎస్‌టీ అనే రాసుకుంటాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సెట్టింగ్ మార్చకపోతే ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్ టైమే. సీఎస్‌టీ కూడా అంతే. డాలస్ వాళ్లకు అది తమ శీతకాలపు టైమ్, చైనా వాళ్లకు తమ దేశపు టైమ్. రెండింటికీ మధ్య 14 గంటల తేడా. కాబట్టి పొట్టి అక్షరాలు వద్దు, ఊరి పేరే రాయండి. కంప్యూటర్ కోసమైతే సెట్టింగ్‌లో ఈ పేర్లు ఎంచుకోవాలి:

```
Asia/Kolkata
America/Chicago
```

డాలస్ గడియారం నడిచేది షికాగో పేరు మీదే. రెండూ ఒకే టైమ్ జోన్‌లో ఉన్నాయి.

తేడా ఏడాదికి రెండుసార్లు మారుతుంది
మన గడియారం ఏడాదంతా ఒకేలా నడుస్తుంది. డాలస్‌లో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. అందుకే తేడా శీతకాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర.

2026 మార్చి 5, గురువారం హైదరాబాద్‌లో రాత్రి 8 గంటలైతే డాలస్‌లో ఉదయం 8:30. మార్చి 8న అక్కడ గడియారం జరిపారు. మార్చి 12, గురువారం హైదరాబాద్‌లో అదే రాత్రి 8 గంటలకు డాలస్‌లో 9:30 అయింది. వారం వారం జరిగే మీటింగ్‌లో సగం మంది గంట ముందొచ్చి ఎదురుచూసేది ఇలాంటి వారంలోనే. "హైదరాబాద్ టైమ్ మారదు, డాలస్ టైమ్ మారుతుంది" అనో, దాన్ని తిరగేసో ఆహ్వానంలో ఒక వాక్యం ఉండాలి. క్యాలెండర్‌లో పెట్టే మీటింగ్‌కైతే, మారకూడని ఊరి టైమ్ జోన్‌నే ఎంచుకోవాలి.

సోమవారం రాత్రి, మంగళవారం పొద్దున
జూలైలో డాలస్ మిత్రుడు సోమవారం రాత్రి 9కి పిలిస్తే మనకు మంగళవారం ఉదయం 7:30. "రేపు", "ఈ రాత్రి" లాంటి మాటలు అందుకే పనికిరావు. తేదీని 03/04 అని రాసినా చిక్కే. మనం ఏప్రిల్ 3 అని చదువుతాం, వాళ్లు మార్చి 4 అని చదువుతారు. నెల పేరు అక్షరాల్లో రాసి, పక్కన వారం పేరు చేర్చండి. తేదీ తప్పు పడితే వారంతో పొసగదు, చూడగానే తెలిసిపోతుంది.

శుక్రవారం అర్ధరాత్రి ఏది?
పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మొదలవుతుంది. కాబట్టి మన ఇళ్లలో శుక్రవారం అర్ధరాత్రి అంటే శుక్రవారం పగలు గడిచాక వచ్చే అర్ధరాత్రి. కంప్యూటర్‌లో శుక్రవారం 00:00 అంటే గురువారం ముగిసిన క్షణం. రెండింటికీ మధ్య ఒక రోజంతా ఉంది. గడువు పెట్టేటప్పుడు "శుక్రవారం రాత్రి 11:59" అని రాస్తే ఈ గొడవ ఉండదు.

పూర్తిగా రాస్తే ఇలా
గురువారం, 2026 మార్చి 12
హైదరాబాద్: రాత్రి 8:00 (యూటీసీ +5:30)
డాలస్: ఉదయం 9:30 (యూటీసీ -5:00)

పంపే ముందు ఒక్కసారి సరిచూసుకోండి. రాత్రి 8 అంటే 20:00. అందులోంచి 5:30 తీసేస్తే 14:30. డాలస్ 9:30కి 5 గంటలు కలిపినా 14:30. రెండు ఊళ్ల టైమూ యూటీసీలో ఒకే చోట కలిసింది కాబట్టి లెక్క సరైనదే. కలవకపోతే ఎక్కడో తప్పుందన్నమాట, ఆ మెసేజ్ పంపకండి.