"పదిమంది చూశారు" అంటే ఎంతమంది?

పోయిన ఎపిసోడ్‌లో యాక్సిడెంట్ రిపోర్టు గురించి మాట్లాడుకున్నాం కదా, అందులో తొందరగా దాటేసిన ఒక ముక్క ఇక్కడ రాస్తున్నా. నోటితో చెప్పిన మాట ఫారం మీదికి ఎక్కేటప్పుడు మన నుడికారాల్ని ఏం చెయ్యాలి అని.

షానన్‌లో మా సైట్‌లో మనవాళ్ళు తెలుగులో చెబితే ఇంగ్లీషులో నింపేది నేనే. ఉదాహరణకి ఒకతను ఇలా చెప్పాడనుకోండి: "అన్నా, పైనుంచి స్కాఫోల్డ్ పైపు పడింది. పక్కకి దూకా, వెంట్రుకవాసిలో తప్పింది. నడుం విరిగిపోయింది, కళ్ళు బైర్లు కమ్మాయి. పదిమంది చూశారు. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుందిలే."

మనకి అంతా అర్థమైంది. ఇదే మాటకి మాట దించితే వెన్నెముక విరిగినట్టు, సాక్షులు 10 మంది ఉన్నట్టు అవుతుంది. తర్వాత ఎవరైనా విచారిస్తే సాక్షులు ఇద్దరే తేలతారు, ఎక్స్-రేలో విరుగు కనపడదు. అప్పుడు మనవాడు అబద్ధం ఆడినట్టు కనిపిస్తాడు, పాపం.

అలాగని నుడికారాన్ని కొట్టేసి "నొప్పి" అని ఒక్క ముక్క రాస్తే సరిపోదు. దాని వెనక ఏముందో అడగాలి. వెంట్రుకవాసి అంటే పైపు నీకెంత దూరంలో పడింది, అడుగా, మీటరా? నడుం ఏ వైపు, వంగగలుగుతున్నావా? బైర్లు కమ్మడం దగ్గర ఇంకా జాగ్రత్త. అది భయం చెప్పే మాట కావచ్చు, నిజంగా కళ్ళు తిరిగి ఉండొచ్చు. తలకి ఏమైనా తగిలిందా అని అడిగి, కళ్ళు తిరిగాయంటే అలాగే రాసి డాక్టర్ దగ్గరికి పంపాలి.

అన్నిటికంటే ప్రమాదం "రెండు మూడు రోజులు". తెలుగులో అది లెక్క కాదు, కొద్దిరోజులని అర్థం. ఐర్లాండ్ చట్టంలో మాత్రం అది లెక్కే. ప్రమాదం జరిగిన రోజు వదిలేసి, వరసగా 3 రోజుల కంటే ఎక్కువ తన మామూలు పని చెయ్యలేకపోతే యజమాని హెల్త్ అండ్ సేఫ్టీ అథారిటీకి తెలపాలి. శని, ఆదివారాలు కూడా అందులో కలుస్తాయి. అందుకే "రెండు మూడు" అని రాయకండి. ఏ తారీఖు నుంచి పని ఆపాడు, ఏ తారీఖున మళ్ళీ తన పనిలోకొచ్చాడు, అవి రాయండి.

ఇక్కడివాళ్ళ మాటలకీ ఇదే పని పడుతుంది. దెబ్బ తగిలినవాడు "అయామ్ గ్రాండ్" అంటే బాగున్నానని మర్యాదకి అన్నాడంతే, దాన్ని "గాయం లేదు" అని రాయకూడదు. ఇంకోటి, "అయామ్ ఆఫ్టర్ టేకింగ్ డౌన్ ద రెయిల్" అంటారు. కొత్తవాళ్ళకి "తర్వాత తీస్తా" అన్నట్టు వినపడుతుంది. కాదు, ఇప్పుడే తీసేశాను అని! ఐరిష్ భాష వాక్యం పోకడ ఇంగ్లీషులోకి వచ్చిందది. ఈ మాట వింటే ఆ అంచు దగ్గరికి పోకండి. రెయిల్ ఎన్నింటికి తీశాడో అడిగి, ఆ టైమే రిపోర్టులో వెయ్యండి.